ఆదేశించాలా, అడగాలా? ప్రాజెక్టు నాయకత్వ ప్రశ్నల్లో అసలు చిక్కు

ప్రాజెక్టు మేనేజర్లకు అర్హతా పత్రం ఇచ్చే పీఎంపీ పరీక్షకు చదివేవాళ్లు నలుగురు కలిసి నమూనా ప్రశ్నలు చేస్తుంటే వాదన ఎక్కడ మొదలవుతుందో గమనించండి. ఖర్చు అంచనా లెక్కల దగ్గర కాదు. లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ‘బృందంలో ఒకరి పని ఆలస్యమవుతోంది, ప్రాజెక్టు మేనేజరు మొదట ఏం చేయాలి?’ అన్న ప్రశ్న దగ్గర మాత్రం నలుగురూ నాలుగు జవాబులు పెడతారు, ఎవరి సమర్థన వాళ్లకు ఉంటుంది. 2021 జనవరిలో అమల్లోకి వచ్చిన పాఠ్య ప్రణాళిక మనుషులకు సంబంధించిన విభాగానికి 42 శాతం వాటా ఇచ్చింది. అప్పటి నుంచి ఈ వాదనల అవసరం బాగా పెరిగింది. ఎంబీఏ పరీక్షల్లో వచ్చే కేసు ప్రశ్నలకూ ఇదే చిక్కు ఉంది.

ఇలాంటి ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలు దాగి ఉంటాయి. ఈ మేనేజరుకు ఎదుటి మనిషి మీద ఏ రకమైన అధికారం ఉంది? ఆ మనిషికి ఈ పనిలో ఇప్పుడు కొరవడింది ఏమిటి? ఏ నాయకత్వ శైలి తగినదన్నది ఈ రెండూ తేలాక వచ్చే మాట. చాలామంది శైలుల పేర్లు ముందుగా బట్టీ పట్టి, వాటిని ప్రశ్న మీద అతికించబోతారు. తడబాటు అక్కడే వస్తుంది.

## అధికారం ఎదుటివాడి దృష్టిలో ఉంటుంది

అధికార మూలాల గురించి మాట్లాడేటప్పుడు అందరూ తిరిగి వెళ్లేది 1959లో జాన్ ఫ్రెంచ్, బెర్ట్రామ్ రేవెన్ చేసిన వర్గీకరణకే. వాళ్లు ఐదు మూలాలు చెప్పారు. పదవి వల్ల వచ్చేది లెజిటిమేట్. మేలు చేయగలగడం వల్ల వచ్చేది రివార్డ్. కీడు చేయగలగడం వల్ల వచ్చేది కోయర్సివ్. పని తెలిసినవాడన్న నమ్మకం వల్ల వచ్చేది ఎక్స్‌పర్ట్. ఆ మనిషి మీద గౌరవంతో, అతనిలా ఉండాలన్న కోరికతో వచ్చేది రెఫరెంట్. పరీక్ష తెలుగులో ఉండదు కాబట్టి ఈ పేర్లను ఇలాగే గుర్తు పెట్టుకోవడం మేలు.

జాబితా అందరికీ తెలుసు. ఆ వర్గీకరణ ఎవరి వైపు నుంచి చేశారన్నది చాలామందికి తట్టదు. ఫ్రెంచ్, రేవెన్ నాయకుడు చేసే పనిని బట్టి అధికారానికి పేరు పెట్టలేదు, ఎదుటివాడు ఎందుకు ఒప్పుకుంటున్నాడన్న దాన్ని బట్టి పెట్టారు.

శుక్రవారం సాయంత్రం ప్రాజెక్టు మేనేజరు ఒక టెస్టింగ్ ఇంజినీరు దగ్గరికి వచ్చి, ‘రేపు శనివారం వచ్చి ఈ పరీక్షలు పూర్తి చేస్తావా?’ అని అడిగాడనుకుందాం. ఇంజినీరు సరేనన్నాడు. ఇందులో ఏ అధికారం పనిచేసింది? ‘మేనేజరు అడిగినప్పుడు రావాలి కదా’ అనుకుని ఒప్పుకుంటే అది పదవి. ‘ఏడాది చివర మంచి మాట రాస్తాడు’ అనుకుంటే బహుమానం. ‘కాదంటే తర్వాతి ప్రాజెక్టులో మూల పడేస్తాడు’ అనుకుంటే దండన. ‘ఈ పరీక్షలు సోమవారానికి ఆగవని ఆయన అంటున్నాడంటే నిజమే అయి ఉంటుంది, ఇలాంటివి పది చూసిన మనిషి’ అనుకుంటే నైపుణ్యం. ‘ఆయన అడిగితే నేను కాదనను’ అనుకుంటే రెఫరెంట్. అడిగిన మాట ఒక్కటే, ఒప్పుకోవడానికి కారణాలు ఐదు.

అందుకే ‘మేనేజరు ఇంజినీరుకు విదేశీ శిక్షణ ఆశ చూపించాడు, ఇది ఏ అధికారం?’ అన్న ప్రశ్నకు రివార్డ్ అని వెంటనే రాసేయడం తొందరపాటు. శిక్షణకు ఎవరిని పంపాలో విభాగాధిపతి నిర్ణయిస్తారని ఇంజినీరుకు తెలిస్తే, ఆ ఆశకు విలువ లేదు. మేనేజరు బహుమానం ఇవ్వగలడని ఎదుటివాడు నమ్మితేనే అది అధికారం అవుతుంది.

1965లో రేవెన్ ఆరో మూలాన్ని కలిపాడు. అది సమాచారం. దీన్ని ఎక్స్‌పర్ట్‌తో కలిపేసుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. ‘ఈ సర్వరు పది వేల మందిని తట్టుకోలేదు’ అని అనుభవజ్ఞుడు అంటే, అతని మీద నమ్మకంతో ఒప్పుకుంటాం. అదే మాటను పరీక్ష ఫలితాల పట్టిక ముందుపెట్టి చెబితే, చెప్పింది నిన్న చేరిన కుర్రాడైనా ఒప్పుకుంటాం. మొదటిదాంట్లో మనిషి మీద నమ్మకం పనిచేసింది, రెండోదాంట్లో వివరం పనిచేసింది. పదవి లేని ప్రాజెక్టు మేనేజరుకు ఈ రెండోది చాలా పనికొస్తుంది.

రెఫరెంట్ విషయంలో ఒక హెచ్చరిక అవసరం. కొన్ని తయారీ పుస్తకాలు దీన్ని ‘పై అధికారి పేరు చెప్పి పని చేయించుకోవడం’ అన్న అర్థంలో వాడాయి. మూల రచయితల అర్థం అది కాదు. ‘ఎండీ గారు చెప్పమన్నారు’ అనే మాట వెనక ఉన్నది ఎండీ పదవి, మేనేజరు మీద గౌరవం కాదు. ప్రాజెక్టు నిర్వహణకు ప్రామాణిక గ్రంథమైన పీఎంబాక్ 2017లో వచ్చిన ఆరో కూర్పులో అధికార రూపాలను పద్నాలుగుకు పెంచి, పరిచయాల ద్వారా వచ్చేదాన్ని రిలేషనల్ అని విడిగా చూపింది. ఆ పద్నాలుగూ వరుసగా చెప్పగలగడం వల్ల సందర్భ ప్రశ్నలో పెద్దగా ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం. ఆరు బాగా తెలిస్తే మిగతావి వాటి చుట్టుపక్కలే దొరుకుతాయి.

## చార్టరులో రాసిందీ, చేతిలో ఉన్నదీ

ప్రాజెక్టు మేనేజరుకు పదవీ అధికారం వచ్చేది చార్టర్ నుంచి. ప్రాజెక్టుకు నిధులు, అండ ఇచ్చే స్పాన్సర్ సంతకంతో వచ్చే ఆ పత్రం ప్రాజెక్టుకు అనుమతి ఇస్తుంది, మేనేజరు పేరు చెబుతుంది, సంస్థ వనరులను వాడుకోవడానికి అతనికి అధికారం ఇస్తుంది. అది ఆచరణలో ఎంత దూరం సాగుతుందో మాత్రం సంస్థ నిర్మాణాన్ని బట్టి ఉంటుంది.

ప్రాజెక్టైజ్డ్ సంస్థలో బృందమంతా మేనేజరు కిందే ఉంటుంది. జీతం పెంపు, పని కేటాయింపు, సెలవు మంజూరు అన్నీ అతని చేతిలోనే. ఫంక్షనల్ సంస్థలో అతని పాత్ర దాదాపు సమన్వయానికే పరిమితం. మధ్యలో ఉన్నది మ్యాట్రిక్స్. మన సాఫ్ట్‌వేర్ సంస్థల్లో చాలామందికి అనుభవంలో ఉన్నది ఇదే: మనిషి ఒక విభాగానికి చెందినవాడు, పని ఇంకో ప్రాజెక్టుకు. వీక్ మ్యాట్రిక్స్‌లో విభాగాధిపతి మాట చెల్లుతుంది, స్ట్రాంగ్ మ్యాట్రిక్స్‌లో ప్రాజెక్టు మేనేజరు మాట చెల్లుతుంది, బ్యాలెన్స్‌డ్‌లో ఇద్దరూ బేరమాడుకుంటారు.

ప్రశ్నలో నిర్మాణం పేరు నేరుగా రాయకపోవచ్చు. ‘సగం సమయానికి కేటాయించిన’, ‘తన విభాగాధిపతికి నివేదించే’, ‘వేరే విభాగం నుంచి తీసుకున్న’ వంటి చిన్న మాటలు ఆ పని చేస్తాయి. అవి అలంకారానికి రాసినవి కావు. పదవి, బహుమానం, దండన ఈ మేనేజరుకు పెద్దగా అందుబాటులో లేవని చెప్పడానికి రాసినవి.

మరి ఉన్నా వాడవచ్చా? హాన్స్ థామ్‌హేన్, గ్యారీ జెమిల్ 1974లో ప్రాజెక్టు మేనేజర్ల మీద ప్రచురించిన అధ్యయనంలో, నైపుణ్యం మీద, పనిలోని సవాలు మీద ఆధారపడుతున్నాడని బృందం భావించిన మేనేజర్ల దగ్గర పని వాతావరణం మెరుగ్గా కనిపించింది. హోదా మీద ఆధారపడేవాళ్ల దగ్గర అంతగా లేదు. పరీక్షా వర్గాల్లో ‘దండన చివరి దారి’ అనే సూత్రానికి ఇలాంటి పరిశోధనలే నేపథ్యం. అయితే ఇది సహసంబంధమే, కారణాన్ని నిరూపించదు. బృందం బాగా పనిచేస్తున్నప్పుడు మేనేజరుకు హోదా గుర్తుచేసే అవసరమే రాకపోవచ్చు. మొండి బృందం దొరికినవాడే కోపం చూపించి ఉండవచ్చు.

## శైలి ఎదుటి మనిషిని బట్టి మారుతుంది

శైలుల పేర్లు చాలానే ఉన్నాయి. సందర్భ ప్రశ్నకు ఎక్కువ సాయపడేది పాల్ హెర్సీ, కెన్ బ్లాంచర్డ్ 1969 నుంచి రూపొందిస్తూ వచ్చిన సందర్భోచిత నాయకత్వ నమూనా. అది ఎదుటివాడి గురించి రెండు విషయాలు అడుగుతుంది: ఈ పని చేయడం అతనికి వచ్చా, చేయాలన్న సుముఖత, ధైర్యం ఉన్నాయా? రెండూ లేకపోతే ఏం చేయాలో విడమరచి చెప్పాలి. పని రాదు కానీ ఉత్సాహం ఉంటే చెబుతూనే కారణం వివరించి ఒప్పించాలి. పని వచ్చు కానీ మనసో ధైర్యమో లేకపోతే కూర్చోబెట్టి మాట్లాడి, నిర్ణయంలో భాగం ఇవ్వాలి. రెండూ ఉంటే అప్పగించి పక్కకు తప్పుకోవాలి.

ఇందులో గమనించాల్సింది ‘ఈ పని’ అన్న మాట. పన్నెండేళ్ల అనుభవం ఉన్న జావా ఇంజినీరు, జీవితంలో మొదటిసారి క్లౌడ్ మైగ్రేషన్ చేస్తుంటే, ఆ పని వరకు కొత్తవాడే. ‘సీనియర్’ అని ప్రశ్నలో కనిపించగానే అప్పగించేయడం తప్పు జవాబుకు దగ్గరి దారి.

ఈ నమూనాకు పరిశోధనల నుంచి దొరికిన మద్దతు పాక్షికమే. రాబర్ట్ వెక్కియో 1987లో చేసిన పరిశీలనలో, కొత్తవాళ్లకు స్పష్టమైన నిర్దేశం మేలు చేస్తుందన్న భాగం నిలబడింది కానీ, మిగతావాళ్ల విషయంలో ఆధారం అంత గట్టిగా లేదు. ప్రశ్నను విడదీయడానికి పనికొచ్చే పరికరంగా మాత్రమే దీన్ని చూడటం మంచిది.

బృందానికి సేవ చేస్తూ నడిపించే సర్వెంట్ లీడర్‌షిప్‌ను, పట్టించుకోకుండా వదిలేసే లాస్సే ఫేర్‌ను కలగలపడం మరో చిక్కు. రెండింటిలోనూ మేనేజరు ఆదేశాలు ఇవ్వడు కాబట్టి పైకి ఒకేలా కనిపిస్తాయి. తేడా అతని రోజు ఎలా గడుస్తుందన్న దాంట్లో ఉంది. సర్వెంట్ లీడర్ ఉదయమంతా బృందానికి రావాల్సిన అనుమతి కోసం భద్రతా విభాగం చుట్టూ తిరుగుతాడు. లాస్సే ఫేర్ మేనేజరుకు ఆ అనుమతి ఆగిపోయిందన్న సంగతే తెలియదు.

## ఒక ప్రశ్నను విప్పి చూద్దాం

హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ ఒక బ్యాంకుకు చెల్లింపుల యాప్ తయారు చేస్తోంది. డేటాబేస్ విభాగం నుంచి విజయ అనే సీనియర్ ఇంజినీరును సగం సమయానికి ప్రాజెక్టుకు కేటాయించారు. ఆమె పని మదింపు రాసేది ఆ విభాగాధిపతి. ఎక్కువ రద్దీని యాప్ తట్టుకుంటుందో లేదో చూసే లోడ్ టెస్టుకు పది రోజులే ఉంది. మూడు వారాల సమావేశాల్లోనూ విజయ తన పని ‘80 శాతం అయింది’ అనే చెప్పింది. యాప్ నిర్మాణం నుంచి వచ్చిన ప్రాజెక్టు మేనేజరుకు డేటాబేసుల్లో పెద్ద అనుభవం లేదు. అతను మొదట ఏం చేయాలి?

అ. చార్టరును ఉటంకిస్తూ శుక్రవారంలోగా పూర్తి చేయాలని లిఖితపూర్వకంగా ఆదేశించాలి.
ఆ. ఆలస్యాన్ని స్పాన్సర్ దృష్టికి తీసుకెళ్లాలి.
ఇ. విజయతో విడిగా మాట్లాడి కారణం తెలుసుకోవాలి.
ఈ. పనిని మరో ఇంజినీరుకు మార్చాలి.

ముందు అధికారాల లెక్క చూద్దాం. సగం సమయం, మదింపు విభాగాధిపతి చేతిలో: ఇది వీక్ మ్యాట్రిక్స్. పదవి పేరుకే ఉంది. ఇవ్వడానికి బహుమానమూ లేదు, వేయడానికి శిక్షా లేదు. డేటాబేసుల్లో అనుభవం లేదు కాబట్టి నైపుణ్యమూ ఈ విషయంలో పనికిరాదు. మిగిలింది సమాచారం, మనిషితో ఉన్న సంబంధం.

ఇక విజయ సంగతి. సీనియర్ కాబట్టి పని వచ్చు అనుకోవచ్చు. మూడు వారాలు ఒకే అంకె రావడం మాత్రం ఏదో అడ్డు ఉందనడానికి గుర్తు. అది సమయమా, అయిష్టమా, సాంకేతిక సమస్యా అన్నది ప్రశ్నలో లేదు. కారణం తెలియనంత వరకు ఏ శైలి తగినదో కూడా తెలియదు.

ఇప్పుడు ఐచ్ఛికాలు చూడండి. ‘అ’ జవాబు లేని అధికారాన్ని ఉందనుకుని వాడుతోంది. ‘ఆ’ జవాబు మేనేజరు తనంతట తాను చేయాల్సిన మొదటి ప్రయత్నం చేయకుండానే పైకి వెళ్తోంది. ‘ఈ’ జవాబు కారణం తెలియకుండానే చికిత్స మొదలుపెడుతోంది. పైగా పది రోజుల ముందు కొత్త మనిషిని దింపితే అతనికి పని అర్థమయ్యేసరికే సగం గడువు పోతుంది. సరైన జవాబు ‘ఇ’. అది మెత్తగా ఉందని ఎంచుకుంటే మార్కు వస్తుంది కానీ, తర్వాతి ప్రశ్నలో అదే అలవాటు దెబ్బతీస్తుంది. మేనేజరుకు ఉన్న అధికారంతో సాధ్యమైనది, లేని సమాచారాన్ని తెచ్చిపెట్టేది అది ఒక్కటే కాబట్టి సరైనది.

ఆ సంభాషణ ఎలా సాగవచ్చో చూడండి.

‘విజయ గారూ, మూడు వారాలుగా అదే అంకె వస్తోంది. ఎక్కడైనా అడ్డు పడిందా?’

‘సగం రోజు మీకని కాగితం మీదే ఉందండీ. మా విభాగంలో ఇంకో క్లయింటు సమస్యలు చూసేసరికి నాకు మిగిలేది గంటన్నర.’

దీంతో సమస్య రూపమే మారిపోయింది. విజయకు పని వచ్చు, మనసూ ఉంది, లేనిది సమయం. ఆమె విషయంలో శైలి మార్చాల్సిన పనే లేదు. మాట్లాడాల్సింది విభాగాధిపతితో. అక్కడ మేనేజరు చేతిలో ఉన్నది సమాచారమే: రోజుకు గంటన్నర చొప్పున ఈ పని ఎప్పటికి పూర్తవుతుంది, దాని వల్ల లోడ్ టెస్టు ఎన్ని రోజులు వెనక్కి పోతుంది, బ్యాంకుకు ఇచ్చిన తేదీ ఏమవుతుంది అని చూపించే ఒక పేజీ. ‘మీరు మాటిచ్చారు’ అన్న నిష్ఠూరం కన్నా ఆ పేజీకి బలం ఎక్కువ.

## ఒక్క వాక్యం మారిస్తే

ఇదే కథలో విజయ బదులు మూడు వారాల క్రితం చేరిన ఇంజినీరు ఉన్నాడనుకుందాం. సంస్థ ప్రాజెక్టైజ్డ్, మేనేజరుకు డేటాబేసుల్లో ఎనిమిదేళ్ల అనుభవం. కొత్త కుర్రాడు ఎక్కడ ఆగిపోయాడో ప్రశ్నలోనే చెప్పారు. ఇక్కడ ‘అతని అభిప్రాయం అడిగి స్వయంగా నిర్ణయించుకోనివ్వాలి’ అన్న జవాబు వినసొంపుగా ఉన్నా తప్పు. అతనికి కావాల్సింది స్వేచ్ఛ కాదు, దారి. పక్కన కూర్చుని అడుగడుగునా చూపించడమే తగిన శైలి. అందుకు మేనేజరుకు ఉన్న నైపుణ్యమే సరైన అధికారం. పదవి కూడా ఉంది, వాడాల్సిన అవసరం రాలేదు.

యాప్ విడుదలైన రాత్రి పదకొండు గంటలకు చెల్లింపులు ఆగిపోయాయనుకోండి. ఐదుగురు ఇంజినీర్లు ఐదు కారణాలు చెబుతున్నారు. ఇప్పుడు ఏకాభిప్రాయం కోసం సమావేశం పెట్టమనే జవాబు సరికాదు. ఎవరు ఏది చూడాలో చెప్పి, పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లే నిర్ణయాన్ని ఒకరే తీసుకోవాలి. ఆదేశించే శైలి ఇక్కడ న్యాయమైనదే. ఒప్పించడానికి పట్టే ప్రతి నిమిషానికీ ఖరీదు ఉంది. మూలకారణం వెతకడానికి మర్నాడు కూర్చునే సమావేశంలో కూడా అదే గొంతుతో మాట్లాడితే మాత్రం తప్పు.

మూడో మార్పు: విజయను అడిగితే, ‘లోడ్ టెస్టు పథకమే తప్పు. నెలాఖరు రద్దీని అది లెక్కలోకి తీసుకోలేదు’ అంది. ఇప్పుడు నైపుణ్యం ఆమె వైపు ఉంది. అధికారం ఎప్పుడూ మేనేజరు నుంచి బృందానికే ప్రవహిస్తుందని అనుకునేవాళ్లు ఇక్కడ తడబడతారు. ఆమె వాదనను ఆధారాలతో సహా పథకం రాసినవాళ్ల ముందు పెట్టించడం, అవసరమైతే మార్పు అభ్యర్థనకు దారి చూపడం మేనేజరు పని.

## సర్వెంట్ లీడర్ జవాబే ఎప్పుడూ సరైనదా?

దీని మీద రెండు వర్గాలున్నాయి. ఒక వర్గం శిక్షకులు, సందేహం వస్తే బృందానికి సాయపడే జవాబు పెట్టేయమంటారు. వాళ్ల మాటలో పస లేకపోలేదు. పనిని చిన్న విడతలుగా చేసే అజైల్‌కు, దాన్ని పాత పద్ధతితో కలిపే హైబ్రిడ్‌కు 2021 నాటి పాఠ్య ప్రణాళిక దాదాపు సగం చోటు ఇచ్చింది. అజైల్‌లో ఒక పద్ధతి అయిన స్క్రమ్‌లో బృందం తన పనిని తానే నిర్ణయించుకుంటుంది కాబట్టి అక్కడ ఆదేశించే జవాబు సాధారణంగా తప్పే అవుతుంది. స్టాండప్ అనే రోజువారీ చిన్న సమావేశంలో ప్రతి ఒక్కరూ మేనేజరు ముఖం చూస్తూ హాజరు చెప్పినట్టు నివేదిస్తుంటే, అక్కడ పదవి ఇంకా పనిచేస్తోందని గుర్తు. ఒకరి పని ఒకరికి చెప్పుకుంటుంటే బృందం తన కాళ్ల మీద నిలబడుతోందని గుర్తు. ప్రశ్నల్లో ఇలాంటి వర్ణన వస్తే దాని అర్థం ఇదే.

రెండో వర్గం, పరీక్ష రాసేవాళ్లు ఈ సూత్రాన్ని పట్టుకుని అత్యవసర పరిస్థితుల్లోనూ, నైతిక ఉల్లంఘనల్లోనూ మెత్తని జవాబు పెట్టి మార్కులు పోగొట్టుకుంటున్నారని అంటుంది. నేను రెండో వర్గం వైపే మొగ్గుతాను. మొదటి సూత్రం చాలా ప్రశ్నలకు సరిపోతుంది కానీ, ఎక్కడ సరిపోదో అది చెప్పదు.

ఒకే చర్యను రెండు రకాలుగా చదవడానికి మంచి ఉదాహరణ ఢిల్లీ మెట్రో నిర్మాణంలో ఉంది. కాకినాడ ఇంజినీరింగ్ కళాశాలలో చదువుకున్న ఇ.శ్రీధరన్ నేతృత్వంలో సాగిన ఆ పనుల్లో, గడువుకు ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చూపే గడియారాలు పెట్టారు. వాటిని ఏ అధికారం కింద రాయాలి? రోజులు ఎన్ని ఉన్నాయో చూసి తన పనిని సర్దుకునే ఇంజినీరుకు అది సమాచారం. దాన్ని చూసి ‘తేదీ తప్పితే నా మాటేమిటి’ అని భయపడే గుత్తేదారుకు అది ఒత్తిడి. ఇద్దరూ చూసేది ఒకే అంకెను. పరీక్షలో ఇలాంటి ఐచ్ఛికం వస్తే, చూసేవాళ్ల గురించి ప్రశ్న ఏం చెప్పిందో వెతకాలి.

## పైకి తీసుకెళ్లడం ఎప్పుడు సరైనది

స్పాన్సర్ దగ్గరికి వెళ్లే జవాబును కళ్లు మూసుకుని కొట్టేసేవాళ్లూ ఉన్నారు. విజయ కథలో ఆ జవాబు మొదటి అడుగుగా తప్పు, అంతే. అదే కథను కొనసాగిద్దాం. మేనేజరు విజయతో మాట్లాడాడు, పేజీ తీసుకుని విభాగాధిపతి దగ్గరికి వెళ్లాడు. ఆయన వినయంగానే, ‘నా దగ్గర మనుషులు లేరు, ఆ రెండో క్లయింటు కూడా మన కంపెనీదే కదా’ అన్నారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరికీ సంస్థ పనే ముఖ్యం. ఏ క్లయింటు ముందు అన్నది తేల్చే అధికారం మాత్రం ఇద్దరిలో ఎవరికీ లేదు.

ఇక్కడ మళ్లీ విజయతో మాట్లాడమనే జవాబు కాలయాపన. విభాగాధిపతిని మరింత ఒప్పించమనే జవాబు కూడా అంతే. ప్రాధాన్యం నిర్ణయించే పదవి ఉన్నది స్పాన్సర్‌కు. ఆయన ముందుకు రెండు మార్గాలూ, వాటి పర్యవసానాలూ తీసుకెళ్లాలి: విజయ సగం రోజు నిజంగా దొరికితే ఏమవుతుంది, దొరక్కపోతే లోడ్ టెస్టు ఏ తేదీకి జరుగుతుంది. వెళ్లే ముందు విభాగాధిపతికి ఆ సంగతి చెప్పి వెళ్లాలి. వీలైతే ఇద్దరూ కలిసే వెళ్లాలి. ఐచ్ఛికాల్లో ‘విభాగాధిపతిపై ఫిర్యాదు చేయాలి’ అని ఒకటి, ‘ప్రభావాలను వివరించి నిర్ణయం కోరాలి’ అని మరొకటి ఉంటే, రెండూ స్పాన్సర్ గదికే దారితీసినా మార్కు రెండోదానికే.